క్లూడోలో ముగ్గురు అనుమానితులు మిగిలారు, ఇప్పుడు ఏ సజెషన్ వేయాలి?

కాగితంపులి
ఆట సగంలో ఆపాం, రేపు సాయంత్రం మళ్ళీ మొదలు. ఈలోపు ఎవరు ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చని ఒప్పందం. నోట్స్ షీటు నిండా టిక్కులు, ఇంటూలు ఉన్నాయి కానీ వాటిని చూసి తర్వాత ఏం అడగాలో తేల్చుకోలేకపోతున్నాను.

ఆడేది ముగ్గురం. నా ఎడమ పక్క అక్క, ఆ తర్వాత బావ. అంటే నేను అడిగితే మొదట అక్క చూపించాలి, అక్క దగ్గర లేకపోతే బావ. ఒక్కొక్కరికి 6 కార్డులు.

నా చేతిలో: ప్లమ్, వైట్, తాడు, కొవ్వొత్తి స్టాండు, కిచెన్, లైబ్రరీ.

ఇప్పటిదాకా జరిగినవి:
1. నేను: స్కార్లెట్, స్పానర్, లైబ్రరీ. అక్క లేదంది. బావ స్కార్లెట్ చూపించాడు.
2. అక్క: గ్రీన్, పైపు, బాల్‌రూమ్. బావ ఏదో చూపించాడు.
3. బావ: పీకాక్, పైపు, స్టడీ. నా దగ్గర లేవు. అక్క ఏదో చూపించింది.
4. అక్క: పీకాక్, కత్తి, లాంజ్. బావ లేదన్నాడు, నేనూ లేదన్నాను.

మస్టర్డ్, గ్రీన్, పీకాక్ మిగిలారు. నేను కిచెన్ గుమ్మం పక్క గడిలోనే ఉన్నాను, పాచిక ఎంత పడ్డా లోపలికి వెళ్ళొచ్చు. గ్రీన్ గురించి అడుగుదామని ఉంది. మీరైతే ఏం అడుగుతారు?

రాత్రిపూటఆట
ముగ్గురిలో ఎవర్ని అడిగితే ఏముంది? మూడోవంతు అవకాశం ఎవరికైనా ఒకటే. మూడూ తెలియని కార్డులే వేసి అడిగేయ్. ఎవరూ చూపించకపోతే ఆట అక్కడికక్కడే అయిపోతుంది.

గడులరాణి
మూడోవంతు కాదు. షీటులో పీకాక్ వరస చూడండి. మీకు లేదు. నాలుగో ప్రశ్నకి బావ లేదన్నాడు కాబట్టి ఆయన గడిలో ఇంటూ. అంటే పీకాక్ ఉంటే అక్క దగ్గర ఉండాలి, లేదా కవర్లో ఉండాలి. మస్టర్డ్, గ్రీన్ అలా కాదు, అక్క దగ్గరో బావ దగ్గరో ఎక్కడైనా ఉండొచ్చు. ఉండగలిగే చేతులు తగ్గినకొద్దీ ఆ కార్డు కవర్లో ఉండే అవకాశం పెరుగుతుంది.

అందుకే నేను షీటులో ఇంకా తేలని గడుల్ని ఖాళీగా వదలను, చిన్నగా ప్రశ్న నంబరు రాస్తాను. మీ షీటులో అక్క కింద పీకాక్, పైపు, స్టడీ గడుల్లో 3, బావ కింద గ్రీన్, పైపు, బాల్‌రూమ్ గడుల్లో 2. ఒకే నంబరున్న మూడింట్లో రెండు ఇంటూ అయ్యాయంటే మూడోది టిక్ అన్నమాట. అలా రాయకపోతే ఎదుటివాళ్ళు అడిగిన ప్రశ్నల్లో సగం సమాచారం గాలికి పోతుంది.

చిట్టిబాబు77
ఆట మధ్యలో బయటివాళ్ళని అడగడం తొండి కాదా 😀

కాగితంపులి
కాదు. బావ కూడా తన స్నేహితులకి షీటు ఫోటో పంపాడు, అక్క చూసేసింది. ఎవరి ఏర్పాట్లు వాళ్ళవి.

గడులరాణి గారూ, నంబర్ల పద్ధతి బాగుంది. మొత్తం షీటు అలాగే మళ్ళీ రాసుకున్నా. అయితే పీకాక్‌నే అడగాలంటారా? తోడుగా తాడు, కిచెన్ వేస్తే? రెండూ నావే కాబట్టి వాళ్ళు చూపించగలిగేది పీకాక్ ఒక్కటే.

శంకరం_లెక్కలు
చిన్న ప్రోగ్రామ్ రాసి లెక్కపెట్టాను. మీ చేతిలో కార్డులకీ ఈ నాలుగు ప్రశ్నలకీ సరిపోయే పంపకాలు మొత్తం 4399. వాటిలో కవర్లో పీకాక్ ఉన్నవి 1822, మస్టర్డ్ 1426, గ్రీన్ 1151. వందకి చూస్తే దాదాపు 41, 32, 26. గడులరాణి చెప్పిందే నిజం, ముగ్గురూ సమానం కారు. మీరు అడుగుదామనుకున్న గ్రీన్ అందరికంటే వెనక ఉన్నాడు. బావ రెండో ప్రశ్నకి చూపించినది గ్రీనే అయ్యే అవకాశం ఉంది కదా, అందుకని.

మూడోకవరు
శంకరం గారూ, ఒకటి తీసేయాలి. నాలుగో ప్రశ్నకి ఎవరూ ఏమీ చూపించలేదు. పీకాక్, కత్తి, లాంజ్ మూడూ కవర్లోనే ఉంటే అక్క చేతిలో ఒక్కటీ లేదని ఆవిడకి తెలుసు కాబట్టి అప్పుడే తేల్చి చెప్పేసి గెలిచేది. చెప్పలేదంటే ఆ మూడింట్లో కనీసం ఒకటి ఆవిడ చేతిలో ఉంది.

శంకరం_లెక్కలు
అవును, అవి 147 పంపకాలు, అన్నీ పీకాక్ ఖాతాలోవే. అవి పోతే మొత్తం 4252. పీకాక్ 1675, మస్టర్డ్ 1426, గ్రీన్ 1151. వందకి 39, 34, 27. పీకాక్ ఇంకా ముందే ఉంది కానీ దూరం తగ్గింది.

రాత్రిపూటఆట
39కీ 34కీ తేడా ఏపాటిది? ఇంత చేసి ఐదు శాతం కోసమా.

గడులరాణి
ఆ శాతమే అయితే నిజంగా పెద్ద తేడా కాదు. నేను పీకాక్‌ని ఎంచుకోవడానికి అసలు కారణం వేరే.

కాగితంపులి అన్నట్టు రెండూ సొంత కార్డులు వేసి అడిగితే ఏ అనుమానితుడి సంగతైనా ఒక్క ప్రశ్నలో తేలిపోతుంది. అక్కో బావో చూపిస్తారు, లేదా ఎవరూ చూపించరు. కానీ ఆయుధం గడిని తాడుతో వృథా చేశాం. అక్కడ తెలియని ఆయుధం పెట్టాలంటే ఒక చిక్కుంది: అక్క దగ్గర రెండూ ఉంటే తనకి నచ్చినది చూపిస్తుంది. కత్తి చూపించిందనుకోండి, పీకాక్ సంగతి తేలనే లేదు, ఒక వంతు పోయింది.

అందుకే వెతకాల్సింది, మొదట చూపించాల్సిన మనిషి దగ్గర లేదని ఇప్పటికే తేలిన ఆయుధం. మీ షీటులో స్పానర్ వరస చూడండి. మొదటి ప్రశ్నలోనే అక్క లేదంది. కాబట్టి స్పానర్ బావ దగ్గర ఉండాలి లేదా కవర్లో ఉండాలి. పీకాక్ దీనికి సరిగ్గా ఎదురు: అక్క దగ్గర లేదా కవర్లో.

పీకాక్, స్పానర్, కిచెన్ అని అడగండి. అక్క చూపిస్తే అది పీకాకే, వేరేది చూపించడానికి తన దగ్గర లేదు. అక్క లేదంటే హంతకి పీకాకే అని అక్కడికక్కడే తేలింది, వెంటనే ప్రశ్న బావ దగ్గరికి వెళ్తుంది. బావ చూపిస్తే అది స్పానరే. బావ కూడా లేదంటే ఆయుధమూ తేలింది. ఏ జవాబు వచ్చినా రెండు అర్థాలకి తావుండదు. తాడు వేసి అడిగితే వచ్చేదంతా దీనిలోనూ వస్తుంది, పైన కొంత అదనం. మస్టర్డ్‌నో గ్రీన్‌నో అడిగితే ఇది కుదరదు. బావ దగ్గర స్పానర్, మస్టర్డ్ రెండూ ఉంటే స్పానర్ చూపించి మస్టర్డ్‌ని దాచేయగలడు.

కాగితంపులి
ఇది నాకు తట్టనే లేదు. అడ్డంగా కార్డుల వరసలు చూస్తున్నాను గానీ, నిలువుగా అక్క గడులు, బావ గడులు పక్కపక్కన పెట్టి చూడలేదు. స్పానర్ దగ్గర అక్క గడిలో ఇంటూ మొదటి వంతు నుంచీ ఉంది.

పాచికలసుబ్బు
మేం ఆరుగురం ఆడతాం, మనిషికి 3 కార్డులే. అక్కడ ఇదంతా పనికొస్తుందా? మా ఇంట్లో పిల్లలు అసలు నోట్స్ రాయరు, గుర్తుపెట్టుకుంటారు, అయినా వాళ్ళే గెలుస్తారు.

మూడోకవరు
ఆరుగురిలో ఇంకా బాగా పనికొస్తుంది సుబ్బు గారూ. ప్రశ్న వరసగా వెళ్తుంది కదా, మధ్యలో లేదన్న ప్రతివాళ్ళకీ మూడేసి ఇంటూలు ఉచితంగా వస్తాయి. నలుగురు దాటి ఐదోవాళ్ళు చూపిస్తే పన్నెండు గడులు నిండుతాయి. అక్కడ ముందు కూర్చున్నవాళ్ళ దగ్గర లేనివి కలిపి అడిగితే ప్రశ్న ఎక్కువ దూరం వెళ్తుంది. పిల్లలు గెలవడానికి కారణం మాత్రం నోట్స్ కాదు, మీరు రాసేటప్పుడు మీ పెన్సిల్ ఎక్కడ ఆగుతోందో వాళ్ళు చూస్తుండటం. ప్రతి వంతు తర్వాతా, ఏమీ తెలియకపోయినా, ఏదో ఒకటి రాయండి.

పాచికలసుబ్బు
ఓహో! మా చిన్నాడు ఎప్పుడూ నా పక్కనే కూర్చోవడం ఇందుకా.

వంతునాది
నాదో సులువైన పద్ధతి ఉంది. సొంత కార్డు బదులు, బావ దగ్గర ఉందని మీకు తెలిసిపోయిన కార్డు కలుపుతాను. సొంత కార్డులు పదే పదే వేస్తే అవి మీవని ఎదుటివాళ్ళు పట్టేస్తారు. తెలిసిపోయిన కార్డు వేస్తే ఎవరికీ అనుమానం రాదు.

గడులరాణి
దాపరికం వరకు నిజమే. కానీ మీరు తెలుసుకోవాలనుకునే కార్డు ఆయన దగ్గర కూడా ఉండగలిగితే అది చెడిపోతుంది. మీకు ఇదివరకే తెలిసిన కార్డునే మళ్ళీ చూపిస్తాడు, చేతిలో మస్టర్డ్ అలాగే ఉండిపోతుంది. పీకాక్ లాగా ఆయన దగ్గర లేదని తేలిన కార్డుకైతే మీ పద్ధతి పనిచేస్తుంది. అక్క చూపిస్తే ఉంది, అక్కని దాటి బావ దగ్గరికి వెళ్ళిందంటే లేదు. కాబట్టి వరసలో ఎవరు ముందో, ఎవరి గడి ఇంకా తేలలేదో చూసి వాడాలి, ప్రతిసారీ కాదు.

వంతునాది
వరస సంగతి సరే, ఒప్పుకుంటా. కానీ నలుగురైదుగురు ఉన్న ఆటలో మీ సొంత కార్డులు బయటపడటం చిన్న నష్టమేం కాదు. మీరు దాన్ని లెక్కలోకి తీసుకోవట్లేదు.

నిశ్శబ్దశ్రోత
శంకరం గారి లెక్కలో ఇంకో అనుమానం. మొదటి ప్రశ్నకి బావ స్కార్లెట్ చూపించాడు. ఆయన దగ్గర స్పానర్ కూడా ఉంటే రెండింట్లో ఏది చూపించాలో ఆయన ఇష్టం, సగం సార్లు స్పానరే చూపించేవాడు. స్కార్లెట్ చూపించాడంటే స్పానర్ లేని పంపకాలకి బరువు ఎక్కువ ఇవ్వాలి కదా?

శంకరం_లెక్కలు
మంచి పాయింటు. బావ బొమ్మాబొరుసు వేసినట్టు ఎంచుకుంటాడనుకుని, స్పానర్ ఆయన దగ్గరున్న పంపకాలకి సగం బరువే ఇచ్చి చూశాను. అనుమానితుల లెక్క పెద్దగా కదల్లేదు. కానీ స్పానర్ కవర్లో ఉండే అవకాశం మూడోవంతు దగ్గర్నుంచి సగం దాకా వచ్చింది. అదే నిజమైతే గడులరాణి సజెషన్‌లో స్పానర్ పెట్టడం ఇంకా లాభం.

రాత్రిపూటఆట
మనుషులు బొమ్మాబొరుసు వేసి ఎంచుకోరు. మా దగ్గర ఒకాయన ఎప్పుడూ మనిషి కార్డే ముందు చూపిస్తాడు. అలాంటివాళ్ళతో ఈ సగం బరువు లెక్క అర్థం లేనిది.

నిశ్శబ్దశ్రోత
అలాంటివాడని ముందే తెలిస్తే బరువు మార్చక్కర్లేదు, నిజమే. తెలియకపోతే సగమే దగ్గరి అంచనా. కాగితంపులి గారూ, మీ బావ ఎలాంటివారు?

కాగితంపులి
చెప్పలేను. అంత గమనించి చూడలేదు. రేపటి నుంచి ఆయన ఏ కార్డు ముందు చూపిస్తాడో కూడా ఓ పక్కన రాసుకుంటాను.

చిట్టిబాబు77
పాపం ఆ బావగారు. ఆయన కార్డు చూపించే అలవాటు మీద ఇక్కడ పంచాయితీ నడుస్తోందని ఆయనకి తెలియదు 😂

మేడమీదగది
అనుమానితుల వెంట ఇంత పడటం ఎందుకు? మనుషులు 6, ఆయుధాలు 6, గదులు 9. చివరికి ఆట ఆగిపోయేది గది దగ్గరే. కాగితంపులికి ఇంకా 7 గదులు తేలలేదు. సొంత గదిలో కూర్చుని మనుషుల్ని అడగడమంటే ఆ వంతులో గది గురించి ఏమీ తెలుసుకోకపోవడమే.

గడులరాణి
మీరన్నది తీసిపారేసే మాట కాదు. ఇక్కడ కిచెన్‌కి వెళ్ళమనడానికి కారణం ఆయన గుమ్మంలోనే ఉండటం. తెలియని గదిలోకి చేరాలంటే రెండు మూడు వంతులు నడవాల్సొస్తే, అన్నిసార్లు అడగకుండా ఊరుకోవడం అంతకన్నా నష్టం. పైగా కిచెన్ నుంచి స్టడీకి రహస్య మార్గం ఉంది.

మేడమీదగది
అవును కదా, ఆ మార్గం. స్టడీ వరసలో అక్క గడిలో 3 అని నంబరు కూడా ఉంది. అయితే ఈ వంతు కిచెన్, వచ్చే వంతు పాచిక వేయకుండా స్టడీ. ఇది నాకు నచ్చింది.

కాగితంపులి
అప్‌డేట్. ఈ సాయంత్రం ఆట మళ్ళీ మొదలైంది. పీకాక్, స్పానర్, కిచెన్ అని అడిగా. అక్క పీకాక్ చూపించింది. ప్రశ్న బావ దాకా వెళ్ళలేదు. అక్క వంతు, బావ వంతు అయిపోయాయి, ఇద్దరూ ఏ గదికీ చేరలేదు. నా వంతు వచ్చేసరికి భోజనాలకి లేచాం. మస్టర్డ్, గ్రీన్ మిగిలారు. స్టడీకి వెళ్ళనా?

శంకరం_లెక్కలు
పీకాక్ పోయాక మిగిలిన పంపకాలు 2577. మస్టర్డ్ 1426, గ్రీన్ 1151. వందకి 55, 45.

రాత్రిపూటఆట
అయితే మస్టర్డ్‌నే అడుగు, ఎక్కువ ఉన్నాడు.

మూడోకవరు
ఇద్దరే మిగిలినప్పుడు ఎవర్ని అడిగినా ఒకటే. మస్టర్డ్ ఎవరి చేతిలోనో కనిపిస్తే గ్రీన్ హంతకుడు, కనిపించకపోతే మస్టర్డే. గ్రీన్‌ని అడిగినా తిరగేసి అదే జవాబు. కాబట్టి ఈసారి శాతం చూడొద్దు, వెంట ఇంకేం తెలుస్తుందో చూడండి. గ్రీన్‌కి బావ గడిలో 2 అని నంబరుంది. అక్క గ్రీన్ చూపించినా, గ్రీన్ కవర్లో ఉన్నా, రెండో ప్రశ్నకి బావ చూపించింది పైపో బాల్‌రూమో అని తేలిపోతుంది. మస్టర్డ్‌ని అడిగితే, మస్టర్డ్ ఎవరి చేతిలోనైనా కనిపించినప్పుడే ఆ సంగతి తేలుతుంది.

నిశ్శబ్దశ్రోత
కానీ బావే గ్రీన్ చూపిస్తే? 2 నంబరు అక్కడే ఖర్చయిపోతుంది, పైపు, బాల్‌రూమ్ గురించి ఏమీ తెలియదు. మస్టర్డ్ అయితే ఆ నంబరు చెక్కుచెదరకుండా ఉంటుంది, తర్వాత పనికొస్తుంది. నేనైతే మస్టర్డే అంటాను.

మూడోకవరు
ఖర్చయినా నష్టమేముంది? గ్రీన్ బావ దగ్గరుందని తెలిసింది, ఆయన చేతిలో ఇంకో కార్డు ఖాయమైంది. ఆయనవి 6 కార్డులూ లెక్కకి వస్తే మిగతావన్నీ ఇంటూలే.

నిశ్శబ్దశ్రోత
6 కార్డులు ఖాయమయ్యేసరికి అక్క గెలిచేస్తుంది.

మేడమీదగది
ఎవర్నైనా అడగండి, స్టడీకైతే వెళ్ళండి. కిచెన్‌లోనే ఉండి మళ్ళీ అడగడం రూల్ ప్రకారం కుదరదు, బయటికెళ్ళి రావాలి. మార్గంలోంచి వెళ్తే ఒక్క వంతు కూడా వృథా కాదు.

గడులరాణి
వెళ్ళండి, కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. స్టడీ తెలియని గది, అక్క దగ్గర ఉండొచ్చు. మనిషిని అడిగితే స్టడీ కార్డు చూపించి తప్పించుకోగలదు. అలా జరిగినా గది ఒకటి తగ్గింది కాబట్టి వంతు పోయినట్టు కాదు. అందుకే స్టడీలో ఆయుధం మాత్రం తెలియనిది పెట్టకండి, తాడు పెట్టండి. ఇద్దరిలో ఒకరు, స్టడీ, తాడు. ఎవరు ఏ కార్డు చూపించినా ఒకటి ఖాయంగా తేలుతుంది. అక్క స్టడీ చూపిస్తే ఆ తర్వాతి వంతుకి మార్గంలోంచి మళ్ళీ కిచెన్‌కి వచ్చి, గది మీ సొంతం కాబట్టి మనిషిని శుభ్రంగా తేల్చుకోవచ్చు. ఆ రెండు గదుల మధ్య తిరిగినంత కాలం మీకు పాచికతో పని లేదు.

వంతునాది
మీ బొమ్మ పేరు ఎవరైనా తమ సజెషన్‌లో వాడితే మిమ్మల్ని వేరే గదికి లాక్కెళ్ళిపోతారు, మార్గం పోతుంది. అక్కకి మీ ప్లాను అర్థమైతే అదే చేస్తుంది.

మేడమీదగది
లాక్కెళ్తే లాక్కెళ్ళనీ. లాగిన గదిలో తర్వాతి వంతుకి పాచిక వేయకుండానే అడగొచ్చు. అది కూడా తెలియని గదైతే ఇంకా మంచిది.

కాగితంపులి
భోజనాలు అయిపోయాయి, పిలుస్తున్నారు. గ్రీన్, తాడు, స్టడీ అని అడగబోతున్నా. నిశ్శబ్దశ్రోత గారూ, మస్టర్డ్ గురించి మీరన్నది కూడా ఆలోచించాను, కానీ బావ కార్డులు ఒక్కొక్కటీ తేల్చుకోవడమే నాకు ఎక్కువ పనికొస్తుందనిపించింది. పీకాక్ పోయింది కాబట్టి నాలుగో ప్రశ్నలో అక్క దాచింది కత్తి, లాంజ్ కూడా అయ్యే అవసరం లేదు, ఆ రెండు వరసలూ ఇంకా తెరిచే ఉంచాను.

గడులరాణి
సరిగ్గా రాసుకున్నారు. కత్తి, లాంజ్ రెండూ ఇప్పుడు స్పానర్‌కి ఎదురు రకం: అక్క దగ్గర లేదా కవర్లో. కిచెన్‌కి తిరిగొచ్చినప్పుడు మనిషి తేలిపోయి ఉంటే కత్తి అడగండి.